ఏఐకి నెగెటివ్ మార్కులు పెట్టండి

ఎంసెట్ చివరి పది నిమిషాల్లో ఏం చేశారని ఆ పరీక్ష రాసిన ఎవరినైనా అడగండి. 160 ప్రశ్నల్లో ఓ నలభై తెలియవు. తప్పు రాసినా మార్కులు కోయరు. అందుకే కోచింగ్ సెంటర్లో లెక్చరర్ ముందే చెప్పి పంపిస్తాడు: ఒక్కటి కూడా వదలొద్దు, తెలియనివాటన్నింటికీ 'బి' పెట్టేసి రా. నాలుగేసి ఆప్షన్లు కాబట్టి నలభైలో సుమారు పది తగులుతాయి. పది మార్కులకు ర్యాంకు ఎంత మారుతుందో ఎంసెట్ రాసిన ఇళ్లలో చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడు అబద్ధాలకోరు కాదు, అతనికి మతి భ్రమించనూ లేదు. పేపరు ఎలా దిద్దుతారో తెలుసుకుని దానికి తగ్గట్టు నడుచుకున్నాడు.

చాట్‌జీపీటీ లాంటి భాషా నమూనాలు చేస్తున్నదీ ఇదే. లేని తీర్పును, లేని పుస్తకాన్ని, తప్పుడు తేదీని తడుముకోకుండా చెప్పేస్తుంటే దానికి 'హాలూసినేషన్' అని పేరు పెట్టి, మన పత్రికలు 'భ్రాంతి' అని అనువదించి, అదేదో అంతుచిక్కని జబ్బులాగా రాస్తున్నాం. భ్రాంతి కాదు, ఇది గుడ్డిగా బబ్లింగ్ చేయడం. అది ఎక్కడ పుడుతుందో, ఎందుకు పోవడం లేదో రెండూ తెలిసిన సంగతులే. పోనివ్వనిది మనం మార్కులు వేసే పద్ధతి.

ముందు పుట్టుక సంగతి. నమూనాకు మొదటి దశలో ఇచ్చే పని ఒక్కటే. కోట్ల పేజీల పాఠం చూపిస్తూ, ఇంతవరకు చదివినదాన్ని బట్టి తర్వాతి ముక్క, అంటే టోకెన్, ఏదై ఉంటుందో ఊహించమంటారు. అది ఒక్క ముక్కను ఎంచుకోదు. ఉన్న ముక్కలన్నింటికీ అవకాశాలు పంచుతుంది. తీరా వచ్చిన ముక్కకు ఎంత తక్కువ అవకాశం ఇచ్చి ఉంటే అంత పెద్ద జరిమానా పడుతుంది. ఇలా జరిమానా తగ్గించుకుంటూ వ్యాకరణం, వాక్యం నడక, ఏ మాట తర్వాత ఏ రకం మాట వస్తుందన్నది అద్భుతంగా నేర్చుకుంటుంది. ఎందుకంటే అవన్నీ లక్షల సార్లు కనిపించే వరసలు.

పుట్టినరోజు సంగతి వేరు. ఎవరో ఒక చిన్న పట్టణపు అవధాని గారున్నారనుకోండి. ఆయన పుట్టిన తేదీ వెబ్‌లో ఒకే ఒక్క పేజీలో ఉంది, లేదా అసలు లేదు. 'ఆయన జన్మించిన తేదీ' అన్న మాటల తర్వాత ఒక తేదీ రావాలని నమూనాకు రూఢిగా తెలుసు. ఏ తేదీ అన్నది తెలియదు. ఇలాంటప్పుడు జరిమానా తక్కువ పడే మార్గం, 365 రోజులకూ అవకాశాన్ని సుమారు సమానంగా పంచడం. గమనించండి, ఆ పంపకంలో మోసం లేదు. 'నాకు తెలియదు' అనడానికి లెక్కల భాషలో అదే రూపం. కానీ మనకు కనిపించేది ఆ పంపకం కాదు. అందులోంచి చీటీ తీసినట్టు ఒక తేదీని తీసి మన ముందు పెడతారు. అది తప్పయ్యే అవకాశం 365లో 364. లోపలి సందేహమంతా ఆ చీటీ తీయడంలోనే ఆవిరైపోతుంది. బయటికి వచ్చేది 'ఆయన మార్చి 7న జన్మించారు' అన్న నిండు వాక్యం. 'ఫలానా వారి పుట్టినరోజు నాకు తెలియదు' అని ఎవరూ వెబ్‌లో పేజీ పెట్టరు కాబట్టి, ఆ మాట అనడం నమూనా చదివిన పాఠంలో దాదాపు లేనే లేదు.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐకి చెందిన ఆడమ్ కలై, జార్జియా టెక్ ఆచార్యుడు సంతోష్ వెంపల మరి ఇద్దరితో కలిసి 2025 సెప్టెంబరులో రాసిన పత్రం ఈ విషయాన్ని కొలతలోకి తెచ్చింది. వాళ్ల లెక్కకు వెనక ఉన్నది రెండో ప్రపంచ యుద్ధకాలపు సంకేతాల ఛేదనలో అలాన్ ట్యూరింగ్ వాడిన ఒక ఉపాయం. కొల్లేటిలో వల వేసి వంద చేపలు పట్టారనుకుందాం. వాటిలో ఇరవై రకాలు ఒక్కొక్కటే చిక్కాయి. అయితే నూట ఒకటో చేప ఇంతవరకు చూడని రకం అయ్యే అవకాశం సుమారు 20 శాతం. ఒక్కసారే కనిపించినవి ఎన్నో లెక్కపెడితే, అసలు కనిపించనివి ఎన్నో అంచనా దొరుకుతుంది. పుట్టినరోజుల్లాగా ఏ సూత్రానికీ లొంగని విషయాల్లో 20 శాతం శిక్షణ పాఠంలో ఒక్కసారే వచ్చి ఉంటే, మొదటి దశ దాటిన నమూనా అలాంటి ప్రశ్నల్లో కనీసం 20 శాతం దాకా తప్పుతుందని ఆ పత్రం అంటుంది. భారతదేశ రాజధాని ఏదంటే తప్పదు, ఎందుకంటే అది లక్షల చోట్ల ఉంది. మన మండలాల చరిత్ర, మన గుళ్ల శాసనాలు, మన నాటక సమాజాల సంగతులు చాలావరకు ఒక్కసారి కూడా వలలో పడనివి. తెలుగు విషయాలు అడిగితే కోతలు ఎక్కువ కోయడానికి మూలం ఇక్కడుంది.

'తర్వాతి మాట ఊహించే యంత్రం నుంచి నిజం ఎలా ఆశిస్తాం, ఇది పోయేది కాదు' అని ఒక వర్గం అంటుంది. 'ఇంకా పెద్ద నమూనా, దానికి వెబ్ శోధన తోడైతే అదే పోతుంది' అని ఇంకో వర్గం. మొదటివారిది సగం నిజం. ఊహ తప్పడం ఆగదు కానీ, ఊహించి తీరాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. రెండోవారి మాట కొంత పనిచేస్తుంది. కానీ పాత తీర్పుల నిధికి జోడించి అమ్ముతున్న న్యాయ పరిశోధన సాధనాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో పరీక్షిస్తే అవి కూడా 17 నుంచి 33 శాతం ప్రశ్నల్లో తప్పుడు సంగతులు చెప్పాయి. పుస్తకం ముందుపెట్టినా, జవాబు అందులో లేకపోతే ఊరుకోవడం నేర్పలేదు మరి.

నన్ను పట్టి కుదిపేది ఇక్కడి నుంచే. మొదటి దశ తర్వాత నమూనాను మళ్లీ సానబెడతారు. 'తెలియదు' అనడం నేర్పగలిగిన దశ అది. 2023లో జీపీటీ-4 అనే తన నమూనా మీద ఇచ్చిన నివేదికలో ఓపెన్ఏఐ స్వయంగా ఒక గ్రాఫ్ ప్రచురించింది. సానబెట్టక ముందు ఆ నమూనాకు ఎంత నమ్మకం ఉంటే సుమారు అంత సరిగ్గానే జవాబులు ఉండేవి. సానబెట్టాక ఆ పొంతన చెడింది. తన సందేహం ఎంతో తనకు తెలిసిన పిల్లాణ్ని ట్యూషన్‌కి పంపించి ఆ తెలివిడి పోగొట్టారన్నమాట.

ఎందుకలా? నమూనాలకు పెట్టే పరీక్షలు, వాటి ర్యాంకుల పట్టికలు చూడండి. అత్యధిక భాగం ఎంసెట్ పద్ధతే. సరైనదానికి ఒకటి, తప్పుకు సున్నా, 'తెలియదు' అన్నా సున్నా. సింపుల్‌క్యూఏ అనే పరీక్షలో ఓపెన్ఏఐ వెల్లడించిన అంకెలు తీసుకుందాం. నమూనాలు తప్పేలా ఏరికూర్చిన కఠిన ప్రశ్నలవి, రోజువారీ వాడకంలో ఇంత తప్పుతాయని కాదు. ఆ కంపెనీ నమూనాలే రెండు. వంద ప్రశ్నలకు ఓ4-మినీ 24 సరిగ్గా చెప్పి, 75 తప్పు చెప్పి, ఒక్కటి వదిలింది. జీపీటీ-5-థింకింగ్-మినీ 22 సరిగ్గా చెప్పి, 26 తప్పు చెప్పి, 52 వదిలేసింది. ర్యాంకుల పట్టికలో 24 వచ్చినదే గెలిచినట్టు. 75 అబద్ధాలకు ఖర్చు సున్నా!

ఇప్పుడు జేఈఈ మెయిన్ పద్ధతిలో దిద్దుదాం. అక్కడ సరైనదానికి 4, తప్పుకు 1 కోత, అంటే మార్కుకు పావు. మొదటిదానికి 24లోంచి 18.75 పోగా 5.25 మిగులుతుంది. రెండోదానికి 22లోంచి 6.5 పోగా 15.5. అంత చిన్న కోతకే వరస తిరగబడింది. నిజానికి జేఈఈ కోత కూడా మెత్తనిదే, అక్కడ గుడ్డిగా పెట్టినా సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. 75 శాతం నమ్మకం ఉంటేనే నోరు విప్పాలనుకుంటే తప్పుకు 3 మార్కులు కోయాలి, 90 శాతం కావాలంటే 9. 3 చొప్పున కోస్తే ఇద్దరూ ఫెయిలే: ఒకరికి మైనస్ 201, మరొకరికి మైనస్ 56. జాగ్రత్తపరుడని మెచ్చుకున్నవాడు కూడా ఇంకా చాలా ప్రశ్నలు వదలాల్సిందని దీనర్థం. కలై, వెంపల బృందం అడిగేదీ ఇదే: కొత్తగా హాలూసినేషన్ పరీక్ష ఒకటి పెట్టడం కాదు, అందరూ చూసే పాత పరీక్షల్లోనే కోత పెట్టి, ఎంత కోతో ప్రశ్నలోనే చెప్పండని.

అది కంపెనీలు చేసేదాకా మనం చేసుకోగలిగింది కొంత ఉంది. సమాధానం వచ్చాక 'నిజమేనా?' అని అదే సంభాషణలో అడగడం దండగ. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థపై కేసులో న్యాయవాది అలాగే అడిగాడు. తాను అల్లిన తీర్పు నిజమైనదేనని చాట్‌జీపీటీ చెప్పింది. అలాంటి లేని తీర్పులను సమర్పించినందుకు కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే రాసిన అబద్ధం నమూనాకు తర్వాతి మాటను ఊహించడానికి ఆధారమైపోతుంది కదా. దానికి బదులు అదే ప్రశ్నను ప్రతిసారీ కొత్త సంభాషణలో ఐదుసార్లు అడగండి. మన అవధాని గారి పుట్టినరోజు ఐదుసార్లలో నాలుగు రకాలుగా వస్తే, లోపల దాగిన ఆ 365 ముక్కల పంపకం మీకు కనిపించినట్టే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో నేచర్ పత్రికలో చూపించిన పద్ధతికి మూలం ఇదే. మాటలు వేరైనా అర్థం ఒకటైన జవాబులను ఒక గుంపుగా చేర్చి, ఎన్ని గుంపులయ్యాయో చూస్తారు. దీనికో హద్దుంది. వెబ్‌లో నలుగురూ తప్పే రాసి ఉంటే ఐదుసార్లూ అదే తప్పు వస్తుంది. జవాబులు చెదిరితే అనుమానించవచ్చు, ఒకటే వచ్చింది కదా అని నమ్మేయకూడదు. ఎక్కువ అవకాశం ఉన్న ముక్కనే తీయమనే అమరిక, అంటే టెంపరేచర్ సున్నా, పెడితే సరిపోతుందనే ఇంజినీర్లకూ ఒక మాట: దాంతో ప్రతిసారీ దాదాపు ఒకే చీటీ వస్తుంది, చెదరడం కనిపించే దారి కూడా మూసుకుపోతుంది.

జ్ఞాపకం నుంచి చెప్పమనకుండా పాఠం ఇచ్చి, 'ఇందులోంచే చెప్పు, ఏ వాక్యం ఆధారమో ఎత్తి చూపు, లేకపోతే లేదని రాయి' అనడం మరింత మేలు. అది ఎత్తి చూపిన వాక్యం పాఠంలో అక్షరాలా ఉందో లేదో ఫైండ్ కొడితే తెలిసిపోతుంది. 'తప్పుకు 3 మార్కులు కోత, తెలియదంటే సున్నా' అని ప్రశ్నతోపాటే రాసినా కొంత అదుపు వస్తుంది. కొంతే, ఎందుకంటే ఆ నియమం మీద దానికి శిక్షణ లేదు.

'తెలియదు' అనే యాప్‌ను జనం వదిలేసి పోతారని వ్యాపారుల భయం. ఆ భయం అబద్ధం కాదు, మనం పెరిగిందే అలా. క్లాసులో 'తెలియదు సార్' అన్నవాడు బెంచీ ఎక్కాడు, ఏదో ఒకటి వాగినవాడు చురుకైనవాడయ్యాడు. ఇంటర్వ్యూలో నీళ్లు నమలకుండా చెప్పినవాడికే ఉద్యోగం. టీవీ చర్చలో 'ఆ సంగతి నాకు తెలియదు' అన్న విశ్లేషకుణ్ని మళ్లీ పిలవరు. పత్రికల్లో రాసే మా వృత్తి కూడా అంతే, కాదనను. యంత్రాన్ని కూడా మన పోలికనే పెంచాం.

ఇప్పుడు ప్రభుత్వ శాఖలు, ఆసుపత్రులు, బ్యాంకులు తెలుగులో మాట్లాడే చాట్‌బాట్‌ల వైపు చూస్తున్నాయి. కొనేవాళ్లు అడిగేది 'ఎంత శాతం కరెక్ట్' అన్న ఒకే అంకె. పింఛను రాదని ముసలమ్మకు తప్పు చెప్పడం, మందు మోతాదు తప్పు చెప్పడం ఆ అంకెలో కనిపించవు. టెండర్‌లో మూడు అంకెలు విడివిడిగా అడగాలి: సరైనవెన్ని, తప్పెన్ని, తెలియదని వదిలినవెన్ని. దిద్దే ప్రశ్నలు అమ్మేవాడు కాకుండా కొనేవాడు తయారుచేయాలి, వాటిలో మూడో వంతు ఇచ్చిన పాఠంలో జవాబే లేనివి కావాలి. తప్పుకు ఎంత కోతో టెండర్‌లోనే రాయాలి. పింఛను ప్రశ్నకైతే 3, మందు ప్రశ్నకైతే 9.