నాలుగేళ్ల బీఫార్మసీకి అమెరికా తలుపు మూసి ఉందని పిల్లలకు ఎవరూ ఎందుకు చెప్పరు?

ఇవాళ పొద్దున వాట్సాప్‌లో ఒక కన్సల్టెన్సీ ప్రకటన వచ్చింది. బీఫార్మసీ పూర్తయితే చాలట, ఒక్క పరీక్ష రాస్తే అమెరికాలో ఫార్మసిస్ట్ అయిపోవచ్చట. కింద పిల్లలు వరసగా ఫోన్ నంబర్లు పెట్టేస్తున్నారు. ఒళ్లు మండిపోయింది.

అమెరికాలో విదేశీ ఫార్మసీ పట్టాలను పరిశీలించేది ఎన్ఏబీపీ. వాళ్ల నిబంధన చాలా స్పష్టంగా ఉంది. 2003 జనవరి 1 తర్వాత పట్టా పుచ్చుకున్నవాళ్లు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. అంతకుముందు పూర్తిచేసిన వాళ్లకే నాలుగేళ్లు సరిపోయేది. అంటే 2019లో బీఫార్మసీ, 2021లో ఎంఫార్మసీ చేసిన అమ్మాయిని తీసుకోండి. మొత్తం ఆరేళ్లు చదివింది కదా అని ఇంట్లో అందరూ లెక్క వేస్తారు. ఆ లెక్క అక్కడ చెల్లదు. వాళ్లు చూసేది ఫార్మసిస్ట్‌గా అర్హత ఇచ్చిన మొదటి పట్టాని, అది నాలుగేళ్లదే. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లి, అప్పు చేసి, రెండేళ్లు చదివినా ఆ నాలుగు ఐదు కాదు. మన దగ్గర ఆరేళ్ల ఫార్మ్‌డీ చేసిన వాళ్లకు దారి ఉంది. ఈ ఒక్క వాక్యం ఇంటర్ అయ్యాక కాలేజీ ఎంచుకునే రోజున చెప్పాలి. పట్టా చేతికొచ్చాక చెప్తే ఏం లాభం?

అర్హత ఉన్నా "ఒక్క పరీక్ష" అనే మాట అబద్ధమే. ముందు పట్టా మూల్యాంకనం, తర్వాత ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష, దాంతోపాటు టోఫెల్. పరీక్షలో 200 ప్రశ్నలు. ఫార్మకాలజీ, ఫార్మస్యూటిక్స్ మనవాళ్లు బాగానే రాస్తారు. దెబ్బ తినేది మన సిలబస్‌లో పెద్దగా లేని చోట: అక్కడి ఆరోగ్య వ్యవస్థ, బయోస్టాటిస్టిక్స్, ఎథిక్స్, రోగికి చికిత్స ఎంచుకునే క్లినికల్ ప్రశ్నలు. పాత బీఫార్మసీ నోట్సు తిరగేసి వెళ్తే అవి రావు. టోఫెల్‌లో చాలామంది ఆగిపోయేది స్పీకింగ్ దగ్గర, ఎందుకంటే మిగతా భాగాలకంటే అక్కడ అడిగే స్కోరే ఎక్కువ.

ఇవన్నీ గట్టెక్కితే వచ్చేది ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్. అది లైసెన్స్ కాదు! ఆ తర్వాత రాష్ట్ర బోర్డు దగ్గర ఇంటర్న్‌గా గంటలు పూర్తిచేయాలి, ఎన్ఏపీఎల్ఈఎక్స్ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి, చాలా రాష్ట్రాల్లో చట్టం మీద ఇంకో పరీక్ష రాయాలి. అప్పుడే కౌంటర్ వెనక నిలబడి మందు ఇవ్వగలరు.

నాలుగేళ్ల పట్టాతో వెళ్లాలనుకుంటే కెనడా చూడండి. అక్కడ పీఈబీసీ అనే ఫార్మసీ పరీక్షల బోర్డు పత్రాలు పరిశీలించి, ఎవాల్యుయేటింగ్ పరీక్ష, తర్వాత రెండు భాగాల క్వాలిఫయింగ్ పరీక్ష పెడుతుంది. రెండో భాగంలో రోగిగా నటించే మనిషి ఎదురుగా కూర్చుంటారు. మందు ఎలా వాడాలో, ఏది ప్రమాదమో వాళ్లతో మాట్లాడి చెప్పాలి. రాసే పరీక్షలకు అలవాటుపడ్డ మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఇంకా ముఖ్యమైనది ఇంట్లోనే ఉంది. పట్టా వచ్చినంత మాత్రాన మన దేశంలోనూ ఫార్మసిస్ట్ కారు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ కావాలంటే, మనం చదివిన దేశంలో రిజిస్ట్రేషన్ ఉందని ఎన్ఏబీపీ వాళ్లు రుజువు అడుగుతారు. కంపెనీ ఉద్యోగానికి అక్కర్లేదు కదా అని రిజిస్టర్ చేయించుకోని వాళ్లు, ఫీజు కట్టక రెన్యువల్ మరిచిపోయినవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇంకో తలనొప్పి. రిజిస్ట్రేషన్‌కు వెళ్లే ముందే పేర్లు సరిచేయించుకుంటే తర్వాత ఖండాలు దాటి అఫిడవిట్లు పంపాల్సిన పని ఉండదు.

ఇక ఈ రిజిస్ట్రేషన్ విలువ తెలియకపోవడం వల్లే కదా మన ఊళ్లలో సర్టిఫికెట్ అద్దెకిచ్చే దరిద్రం పుట్టింది! షాపు గోడ మీద ఫ్రేములో సర్టిఫికెట్ ఉంటుంది. మనిషి ఎక్కడో వేరే ఊళ్లో వేరే ఉద్యోగంలో ఉంటారు. కౌంటర్‌లో పదో తరగతి తప్పిన కుర్రాడు యాంటీబయాటిక్ రెండు రోజులకి కత్తిరించి ఇస్తాడు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ దీన్ని దుష్ప్రవర్తన కిందే లెక్కేశాయి, చట్టంలో 36వ సెక్షన్ కింద రిజిస్టర్ నుంచి పేరు తీసేసే అధికారం కూడా ఉంది. నెలకు వచ్చే ఆ కాస్త అద్దె కోసం, రేపు విదేశీ బోర్డు ముందు చూపించాల్సిన ఆ ఒక్క కాగితాన్నే పణంగా పెడుతున్నారు. ఆ కాగితం మీద మచ్చ పడితే ఏ కన్సల్టెన్సీ వచ్చి తుడుస్తుంది?