గంట ఇరవై నిమిషాల వీడియో ఎవడు చూస్తడు? కార్డు చెయ్యండి, కానీ సరిగ్గా చెయ్యండి

హన్మకొండ, కాజీపేటల్లో డీఎంఎల్‌టీ పూర్తి చేసి ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ట్రెయినింగ్ పేరుతో ఏం ఇస్తున్నారో చూస్తే ఒళ్లు మండుతుంది. సీనియర్ టెక్నీషియన్ ఒకరోజు రక్తం తీసే పని మొత్తం చేసి చూపిస్తాడు. ఎవరో ఫోన్ స్టాండుకు పెట్టి రికార్డు చేస్తారు. గంట ఇరవై నిమిషాల ఆ ఫైలు వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఆ తర్వాత ఎవరు చేరినా ఒకటే మాట: "వీడియో ఉంది కద తమ్మీ, చూసుకో." పొద్దున ఆరున్నరకే ఫాస్టింగ్ షుగర్ వాళ్లు లైన్ కట్టి ఉంటారు. కుర్చీలో పేషెంటు చెయ్యి చాపి కూర్చున్నాక నీలం మూత ట్యూబు ముందా, పర్పుల్ మూత ట్యూబు ముందా అని డౌటొస్తే, గ్లౌజు చేత్తో ఫోన్ తీసి నలభై ఏడో నిమిషం వెతుక్కుంటాడా?

కొన్నిచోట్ల వీడియోకు బదులు పని మధ్యలో చూసుకునే కార్డు చేస్తున్నారు, కాదనను. కానీ వీడియోలో చెప్పినవన్నీ వరుసగా కుదించి, "పేషెంటుతో మర్యాదగా మాట్లాడవలెను" నుంచి మొదలుపెట్టి ఇరవై పాయింట్లు చిన్న అక్షరాల్లో అచ్చేసి గోడకు అతికిస్తున్నారు. అది కార్డు కాదు, నోటీసు. పని మధ్యలో చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడికి జవాబు ఇచ్చేదే కార్డు. వరుసలు, లెక్కలు, టైములు, ఎక్కడ ఆగి ఎవరిని పిలవాలో, అంతే. నరం ఎట్లా దొరకబట్టాలి, సూది ఎంత వాలుగా పెట్టాలి అనేవి పక్కన ఒకరు నిలబడి నేర్పితే వచ్చేవి. కార్డు మీద రాస్తే జాగా దండగ.

రికార్డింగ్ నుంచి ఇది తీయడానికి రెండుసార్లు చూడాలి. మొదటిసారి మాటల కోసం. వీఎల్‌సీలో పెట్టి మామూలు ముచ్చట వచ్చినచోట `]` నొక్కి వేగం పెంచుకోండి, అంకె వినిపించగానే `[` నొక్కి తగ్గించుకోండి. ప్రతి అంకె పక్కన అది ఏ నిమిషంలో వచ్చిందో రాసుకోవాలి. రేపు ఎవరైనా "గిది ఎవరు చెప్పిన్రు?" అంటే చూపించడానికి అదే ఆధారం.

రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. అసలు సరుకు ఇక్కడే ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన చెయ్యి సగం పనులు నోటితో చెప్పదు. రక్తం ట్యూబులోకి రావడం మొదలవగానే పేషెంటు చేతికి కట్టిన పట్టీ వదులుతుంది. ట్యూబును ఊపదు, మెల్లగా తలకిందులు చేసి మళ్లీ నిలబెడుతుంది. లేబుల్ ముందే అంటించి పెట్టుకోదు, రక్తం తీశాక పేషెంటు ఎదుటే అంటిస్తుంది. మాటలు మాత్రమే కాగితం మీద దించుకున్నవాళ్లకు ఈ మూడూ దొరకవు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేదీ ఈ మూడింట్లోనే. పట్టీ నిమిషం దాటి ఉంచినా, పిడికిలి పదేపదే బిగించి వదలమన్నా పొటాషియం దొంగగా పెరుగుతుంది. ట్యూబు గిలక్కొడితే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది.

చివర్లో కొత్త పిల్లలు అడిగిన ప్రశ్నలు రికార్డయి ఉంటే వాటిని కట్ చేసి పారెయ్యకండి. "సార్, రక్తం తక్కువొస్తే ఎట్ల?" అని ఒకరు అడిగారంటే రేపు పదిమందికీ అక్కడే చెయ్యి ఆగుతుంది. ఆ జవాబు కార్డు మీద ఉండాల్సిందే.

ఇక పెద్ద గొడవ. ఒకే రికార్డింగులో ఒకే మనిషి రెండు రకాలుగా చెప్తాడు. ఉదాహరణకు ఇరవై రెండో నిమిషంలో మాటల మధ్య "సీబీసీ అందరికీ ఉంటది, పర్పుల్ ముందు తీసెయ్" అంటాడు. యాభై ఒకటో నిమిషంలో బోర్డు మీద వరుస రాసేటప్పుడు పర్పుల్‌ను చివరికి రాస్తాడు. కార్డు చేసేవాడు ఇందులో తనకు నచ్చింది ఎంచుకోవద్దు, సార్ పేరు మీద భయంతో మొదటిది వేయనూ వద్దు. ల్యాబు ప్రమాణాలు రాసే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ ఇచ్చిన, ప్రపంచమంతా ల్యాబులు వాడే వరుస ఉంది, ట్యూబుల కంపెనీ ఇచ్చే కాగితంలోనూ వరుస ఉంటుంది. బ్లడ్ కల్చర్ ఉంటే ఆ సీసా ముందు, తర్వాత నీలం సిట్రేట్, తర్వాత ఎరుపు లేదా పసుపు సీరం, ఆకుపచ్చ హెపారిన్, పర్పుల్ ఈడీటీఏ, ఆఖరుకు గ్రే ఫ్లోరైడ్. సిరంజితో తీసి ట్యూబుల్లోకి ఎక్కించేచోట కూడా ఇదే వరుస. దీంతో సరిచూసి, పెథాలజిస్టు సంతకం తీసుకున్నాకే అచ్చుకు ఇవ్వాలి.

వరుస ఎందుకంత ముఖ్యమో తెలిస్తే ఈ పట్టుదల అర్థమవుతుంది. పర్పుల్ ట్యూబులో ఉండేది ఈడీటీఏ పొటాషియం ఉప్పు. అది సూది మీదుగా చుక్క కూడా సీరం ట్యూబులోకి పోవద్దు. పోతే పొటాషియం పెరిగి, కాల్షియం పడిపోయి కనిపిస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా తగ్గుతుంది. తన కాళ్ల మీద నడిచొచ్చిన మనిషికి పొటాషియం 8, కాల్షియం 5 అని రిపోర్టు వస్తే ముందు అనుమానించాల్సింది పేషెంటు కిడ్నీలను కాదు, మన ట్యూబులను. సీరం ట్యూబులో తక్కువైందని పర్పుల్‌లోంచి కాస్త ఒంపే ఘనులు కూడా ఉన్నారు. వాళ్ల కోసం కార్డు మీద ఒక లైను ప్రత్యేకంగా ఉండాలి.

సీబీసీ, రక్తం గడ్డకట్టే టైము చూసే పీటీ-ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, ఫాస్టింగ్ షుగర్ రాసిన మామూలు స్లిప్పు తీసుకుందాం. సీబీసీకి పర్పుల్, పీటీకి నీలం, క్రియాటినిన్‌కు ఎరుపు, షుగరుకు గ్రే, అవసరమయ్యేవి నాలుగు ట్యూబులు. ఆ ల్యాబులో హెపారిన్ వాడకపోతే ఆకుపచ్చను కార్డు మీద పెట్టనే వద్దు. ముందు పేజీ ఇట్లా వస్తుంది:

పేరు, వయసు పేషెంటే చెప్పాలి. స్లిప్పుతో చూసుకో.
పట్టీ 1 నిమిషం లోపే. రక్తం రాగానే వదులు.
1. నీలం: గీత దాకా నిండాలి. 3–4 సార్లు తిప్పు.
2. ఎరుపు: 5 సార్లు తిప్పు. నిలబెట్టి 30 నిమిషాలు ఉంచు.
3. పర్పుల్: వెంటనే 8–10 సార్లు తిప్పు.
4. గ్రే: 8–10 సార్లు తిప్పు.
తిప్పడం అంటే తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టడం. ఊపొద్దు.
ఒక ట్యూబులోంచి ఇంకోదాంట్లోకి పొయ్యొద్దు.
రక్తం తీశాక, పేషెంటు ఎదుటే లేబుల్.

మొదటి లైను చిన్నగా కనిపిస్తుంది గానీ మాటలు కావాలనే అట్లా పెట్టాలి. "లక్ష్మిగారేనా?" అని అడిగితే, చెవులు సరిగ్గా వినపడని పెద్దమనిషి కూడా తలూపుతుంది. "మీ పేరు చెప్పుండ్రి" అంటే తలూపడం కుదరదు. పొద్దున ఏ లైన్లో చూసినా ఇద్దరు ముగ్గురు లక్ష్ములు ఉంటారు కాబట్టి వయసో, స్లిప్పు నంబరో తోడు ఉండాలి.

వెనక పేజీ మొత్తం "ఇక్కడ ఆగు" అనే విషయాలకు. నీలం ట్యూబు గీతకు తగ్గితే పంపొద్దు, మళ్లీ తియ్యాలి. అందులో రక్తం తొమ్మిది వంతులకు సిట్రేట్ ఒక వంతు. రక్తం తగ్గితే మందు ఎక్కువై పీటీ లేని జబ్బు చూపిస్తుంది. రెక్కల సూదితో తీస్తుంటే గొట్టంలోని గాలి ముందు నీలంలోకి పోయి అది నిండదు కాబట్టి, మొదట ఏ మందూ లేని ఖాళీ ట్యూబులోకి కాస్త తీసి పక్కన పెట్టాలి. పర్పుల్‌లో చిన్న గడ్డ కనిపించినా ఆగాలి, లేకపోతే ప్లేట్‌లెట్లు తక్కువని రిపోర్టు పోయి, డెంగ్యూ కాలంలో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. టిఫిన్ తర్వాత షుగరుకు రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. పరకాల, నర్సంపేట సెంటర్ల నుంచి బండి మీద వచ్చే సాంపిళ్లకు ఇంకో లైను: పొటాషియం చూడాల్సిన ట్యూబును సీరం వేరు చేయకముందు ఐసులో పెట్టొద్దు. చలికి కణాల్లోని పొటాషియం బయటికొస్తుంది. అట్లని మే నెల ఎండలో డిక్కీలో పడేసి తేవడమూ కుదరదు. సెంటర్లోనే సెంట్రిఫ్యూజు మెషిన్లో తిప్పి సీరం వేరు చేసి పంపడమే దారి. ఆఖరున డౌటొస్తే ఫోన్ చేయాల్సిన డ్యూటీ నంబరు.

కారణాలన్నీ కార్డు మీద రాయక్కర్లేదు. "గీతకు తగ్గితే మళ్లీ తియ్యి" చాలు. ఎందుకో తెలుసుకోవాలంటే వీడియోలో ఆ నిమిషం నంబరు పక్కన వేస్తే సరిపోతుంది. వీడియోలోంచి ఫొటో తీసి కార్డు మీద వేయాలనుకుంటే పేషెంటు ముఖం, స్లిప్పు మీద పేరు కనపడకుండా చూసుకోండి. అసలు ట్యూబులను తెల్ల కాగితం మీద పెట్టి విడిగా ఫొటో తీసుకోవడం మేలు.

అచ్చు దగ్గర కూడా తిప్పలే. చవక కలర్ ప్రింటులో పర్పుల్ కాస్తా నీలంగా దిగుతుంది, మొత్తం వరుసే తారుమారైనట్టు. అందుకే రంగు పక్కన పేరు, వరుస నంబరు తప్పనిసరి. తెలుగు వత్తులు కనపడాలంటే అక్షరం 14 పాయింట్లకు తగ్గొద్దు. ఏ5 సైజు రెండు వైపులా, లేజర్ ప్రింటు. ఇంక్‌జెట్ అయితే స్పిరిట్ దూది తగిలి లామినేషన్ అంచు తడిసిన రోజే సిరా పాకుతుంది. మెరిసే లామినేషన్ మీద ట్యూబ్‌లైట్ పడితే చదవలేరు, మ్యాట్ అడగండి.

అచ్చుకు ముందు ఒక పరీక్ష చాలు. ఆ వీడియో చూడని కొత్తమ్మాయిని కూర్చోబెట్టి, స్లిప్పు, ఖాళీ ట్యూబులు, కార్డు ఇచ్చి "ఇది చూసి ట్యూబులు వరుసగా పెట్టి, ఏం చేస్తవో చెప్పు చెల్లె" అనండి. ఇంకొక్క మాట కూడా మాట్లాడొద్దు. ఎక్కడ కార్డు తిప్పి వెతికితే ఆ విషయం తప్పు పేజీలో ఉన్నట్టు. ఎక్కడ మీ మొహం చూస్తే అక్కడ వాక్యం తప్పు. తిప్పమంటే ట్యూబును వేళ్ల మధ్య గుండ్రంగా తిప్పుతుంది చూడండి, "తలకిందులు" అనే లైను పెట్టింది అందుకే.

కింద మూలన తేదీ, సంతకం, ఏ కంపెనీ ట్యూబులకు చేసిందో ఉండాలి. స్టోరు వాళ్లు రేటు తక్కువని ట్యూబులు మార్చిన రోజు ఎరుపు కాస్తా పసుపవుతుంది, సీరం గడ్డకట్టే టైమూ మారొచ్చు. ఆ రోజు పాత కార్డులు ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి, డ్రాయర్లో ఉన్నది, బండి డిక్కీలో ఉన్నది కూడా.