గోడ కూలినట్లు న్యాయవాది సలహా

సంతకానికి ముందు అఫిడవిట్‌ను చదివే దురాచారం అక్కడక్కడా తలెత్తుతోందని తెలిసి ఆందోళన చెందుతున్నాను. పత్రం తయారయ్యాక, నోటరీ ముద్ర సిద్ధంగా ఉన్నాక, ఒక మనిషి ఎర్ర పెన్ను పట్టుకుని ‘ఈ ఐదో పేరా మీరు కళ్లారా చూసిందేనా?’ అని అడగడం ఏం మర్యాద? ఎదుటి మనిషి ప్రమాణం చేస్తానని ఉత్సాహంగా వచ్చాడు. దేని మీద చేస్తున్నాడో ఆరా తీసి ఆ ఉత్సాహాన్ని నీరుగార్చడం ఎందుకు?

ఒక ప్రహరీ గోడ తగాదాను తీసుకుందాం. ప్రమాణం చేసేది ఇంటి యజమానురాలు. అఫిడవిట్‌లో ఆరు పేరాలున్నాయి. తానెవరో 1లో, ఇల్లు తన స్వాధీనంలో ఉందని 2లో చెప్పింది. పొరుగాయన గోడ పునాది పక్కన తవ్విస్తుంటే చూశానని 3లో, నిలదీస్తే ‘ఇది నా స్థలం’ అన్నాడని 4లో. తాను ఊళ్లో లేని రాత్రి గోడ కూలగొట్టారని మరిది ఫోను చేసి చెప్పిన సంగతి 5లో. స్టే కోరే హక్కు తనకుందని న్యాయవాది చెప్పిన మాట 6లో. చివర ధ్రువీకరణ: ‘1 నుంచి 4 వరకు పేరాల్లోని విషయాలు నాకు స్వయంగా తెలిసినవి. 5వ పేరాలోనివి మా మరిది చెప్పగా తెలుసుకుని నిజమని నమ్ముతున్నవి. 6వ పేరాలోనివి న్యాయసలహా మేరకు చెప్పినవి.’ ఇంత సవ్యంగా ఉంటే ఇక మనకు పనేముంది?

అదృష్టవశాత్తూ ఆఖరి గంటలో ఇల్లు కొన్న దస్తావేజు గుర్తొచ్చింది. దాన్ని కొత్త 2వ పేరాగా చేర్చారు. కంప్యూటర్ మిగతా పేరాల అంకెలను తనంతట తానే ముందుకు జరిపింది. ధ్రువీకరణలోని అంకెలు ఎవరో టైపు చేసినవి కాబట్టి అక్కడే నిలిచాయి. ఫలితం చూడండి. పొరుగాయనను తానే నిలదీసిన సంగతి ఇప్పుడు 5వ పేరా. అంటే తన నోటితో అడిగిన మాటను ఆమె మరిది చెబితే తెలుసుకుంది. గోడ కూలిన సంగతి 6వ పేరాకు చేరింది. గోడ కూలిందని ఆమెకు న్యాయవాది సలహా ఇచ్చారన్నమాట. స్టే కోరే హక్కు గురించిన 7వ పేరాకు పూచీ పడేవారే లేరు. ఒక్క అక్షరం తప్పు పోలేదు, ప్రమాణం మాత్రం తలకిందులైంది. ఎదుటి పక్షం న్యాయవాదికి ఇంతకంటే మంచి కానుక ఏమివ్వగలం?

ఈ కానుకను చెడగొట్టడానికి చాదస్తులు ఒక పద్ధతి కనిపెట్టారు. ధ్రువీకరణను మూసిపెట్టి, ప్రతి పేరా అంచున పెన్సిలుతో ‘చూసింది’, ‘విన్నది’, ‘సలహా’ అని రాసుకుంటారు. తర్వాత ధ్రువీకరణ తెరిచి అంకె అంకెకూ పోల్చుతారు. ఒకే పేరాలో చూసిందీ విన్నదీ కలిసి ఉంటే రెండుగా విడగొట్టమంటారు, విడగొట్టాక అంకెలు మళ్లీ మారతాయి కనుక మొదటి నుంచీ పోల్చుతారు. ‘పైన 3వ పేరాలో చెప్పినట్లు’ వంటి మాట ఎక్కడుందో వెతికి, ఆ 3 ఇంకా 3గానే ఉందా అని చూస్తారు. పాపం, వాళ్లకు వేరే కాలక్షేపం లేదు.

పదాల మీద కూడా వాళ్లకు కక్షే. ‘పై విషయాలన్నీ నాకు తెలిసినంతవరకు, నమ్మినంతవరకు నిజం’ అన్న వాక్యం ఎంత హాయిగా ఉంటుంది! ఏది తెలిసిందో, ఏది నమ్మిందో చెప్పనక్కర్లేదు. వాళ్లు మాత్రం విన్నదైతే ఎవరు చెప్పారో కూడా రాయమంటారు. ‘పొరుగాయన దురుద్దేశంతో తవ్వించాడు’ అంటే, ఉద్దేశం మీకు ఎక్కడ కనిపించిందని అడుగుతారు. పైగా వాళ్లే దిద్దరు. మార్చాల్సింది ప్రమాణం చేసే మనిషేనంటూ పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటారు.

ఇక సంతకం చోటు. పాఠమంతా ముందు పేజీలో ముగిసి, చివరి పేజీలో సంతకం గీత ఒక్కటే మిగిలితే చూడముచ్చటగా ఉంటుంది. ఆ పేజీని రేపు ఏ పత్రానికైనా కుట్టుకోవచ్చు. చాదస్తులు దానికీ ఒప్పుకోరు. చివరి పేరా కొంతైనా ఆ పేజీలోకి రావాలంటారు. ‘నా ఎదుట సంతకం చేశారు’ అన్న చోట చిత్తుప్రతి రాసిన నాటి తేదీ ఉంటే కొట్టేసి ఖాళీ వదులుతారు. ప్రమాణం ఏ రోజు చేస్తే ఆ తేదీ అప్పుడే వేయాలట. మొదట్లో ‘దైవసాక్షిగా’ అని, చివర ‘సత్యనిష్ఠతో’ అని ఉంటే, ఆమె దేవుణ్ణి ఏ పేరా దగ్గర వదిలేసిందని అడుగుతారు. ఆమె వేలిముద్ర వేసే మనిషైతే, చదివి వినిపించామనీ ఆమెకు అర్థమైందనీ చెప్పే వాక్యం కోసం పట్టుబడతారు.

ఇంత గొడవ చేసేవాళ్లు సంతకం పడ్డాక మాత్రం చిత్రంగా చేతులు ముడుచుకుంటారు. అంకె తప్పు కనిపించినా ఎర్ర పెన్ను తీయరు. ప్రమాణం చేసిన కాగితం మీద ఒక్క అంకె మార్చినా, ఆమె మళ్లీ రావాలి, ప్రమాణం చేయించిన అధికారి ఎదుటే దిద్దాలి, దిద్దిన చోట ఇద్దరూ పొడి సంతకాలు పెట్టాలి అంటారు. అందుకే నా మనవి: ఎవరైనా చదివేలోగా సంతకం పెట్టించేయండి.