నిలువు ఫొటో కత్తిరించగానే ఎందుకు పడుకుంటోంది?

గ్యాలరీలో చూస్తే మనిషి నిటారుగా నిలబడి ఉంటాడు. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి సేవ్ చేయగానే అదే మనిషి తల ఎడమవైపు, కాళ్లు కుడివైపు పెట్టి పడుకుంటాడు. పక్కవాడి ఫోన్‌లో అదే యాప్‌తో అదే పని చేస్తే ఏ తేడా రాదు. దాంతో అందరూ ఫోన్‌నే అనుమానిస్తారు. ఫోన్ మాత్రం తన పని సరిగ్గానే చేసింది. అది ఫొటోతో పాటు రాసి ఇచ్చిన ఒక చిన్న అంకెను కత్తిరించిన యాప్ చదవకుండా పారేసింది.

ఆ అంకె ఎందుకు అవసరమైందో తెలియాలంటే సెన్సర్ దగ్గర మొదలుపెట్టాలి. కెమెరా సెన్సర్ దీర్ఘచతురస్రాకారంలో ఉంటుంది. చాలా ఫోన్లలో దాని పొడవైన అంచు ఫోన్ పొడవు వెంబడే అమర్చి ఉంటుంది. మనం ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే సెన్సర్ కూడా నిలబడుతుంది, కానీ అది పిక్సెళ్లను చదివే వరస మారదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అయితే వరసకు 4000 పిక్సెళ్ల చొప్పున 3000 వరసలు. నిలువుగా తీసినా అడ్డంగా తీసినా సెన్సర్ నుంచి వచ్చేది ఇదే. ఫోన్ ఎలా పట్టుకున్నామో కనిపెట్టేది యాక్సిలరోమీటర్, అంటే గురుత్వాకర్షణ ఎటు లాగుతోందో చూసే చిప్పు.

ఆ సంగతి తెలిశాక ఫోన్ ముందు రెండు దారులుంటాయి. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లనూ నిజంగా తిప్పి ఫైల్ రాయడం ఒకటి. పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ‘చూపించేటప్పుడు సవ్యదిశలో 90 డిగ్రీలు తిప్పండి’ అని ఫైల్ మొదట్లో ఒక అంకె రాయడం రెండోది. ఆ అంకెనే ఓరియెంటేషన్ ట్యాగ్ అంటారు. ఇది ఫోన్ల కాలంలో పుట్టింది కాదు. టిఫ్ అనే బొమ్మల ఫైల్ రకానికి 1992లో వచ్చిన 6.0 ప్రమాణంలోనే 274వ ట్యాగ్‌గా ఉంది. డిజిటల్ కెమెరాల కోసం జపాన్ పరిశ్రమల సంఘం 1995లో ఎగ్జిఫ్ తెచ్చినప్పుడు అందులోకీ వచ్చింది. ఎగ్జిఫ్ అంటే ఫొటో వివరాలను ఆ ఫొటో ఫైల్‌లోనే రాసిపెట్టే పద్ధతి. విలువలు 1 నుంచి 8 వరకు. 1 అంటే తిప్పాల్సిన పని లేదు. 6 అంటే సవ్యదిశలో 90 డిగ్రీలు, 3 అంటే 180, 8 అంటే అపసవ్యదిశలో 90. మిగతా నాలుగూ అద్దంలో బొమ్మలా తిరగేసిన రూపాలు, మామూలు ఫొటోల్లో అరుదు. నిలువుగా పట్టుకుని వెనుక కెమెరాతో తీసిన ఫొటోల్లో సాధారణంగా కనిపించేది 6.

కొన్ని ఫోన్లలోనే ఇలా ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆండ్రాయిడ్ నిబంధనలోనే ఉంది. కెమెరా యాప్ `JPEG_ORIENTATION` అన్న విలువ ఇచ్చినప్పుడు, ఫోన్ దాన్ని ఎగ్జిఫ్‌లో రాసినా సరే, పిక్సెళ్లనే తిప్పి ఇచ్చినా సరే అని అది స్పష్టంగా చెబుతుంది. రెండూ చెల్లుతాయి కాబట్టి ఒక తయారీదారు పిక్సెళ్లు తిప్పి 1 రాస్తాడు, మరొకరు తిప్పకుండా 6 రాస్తారు. ట్యాగ్‌ను పట్టించుకోని యాప్ మొదటి ఫోన్‌లో ఏళ్ల తరబడి దొరకదు, రెండో ఫోన్‌లో మొదటి ఫొటోకే దొరికిపోతుంది. డెవలపర్ చేతిలో మొదటి రకం ఫోన్ ఉంటే ‘మా దగ్గర బాగానే వస్తోంది’ అంటాడు. అబద్ధమేమీ కాదు, ఆయన దగ్గర బాగానే వస్తుంది.

ఇప్పుడు ఒక ఫొటోను లెక్కలతో కత్తిరించి చూద్దాం. ఫైల్‌లో ఉన్నది 4000×3000, ట్యాగ్ 6. తెర మీద కనిపించేది 3000×4000. దరఖాస్తుకు ముఖం మాత్రం కావాలని, ఎడమ నుంచి 1000, పై నుంచి 600 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టి 900 వెడల్పు, 1200 ఎత్తు ఉన్న గడి గీశాం. ఫైల్‌లో బొమ్మ పడుకుని ఉంది కదా, తెర మీద పై నుంచి కొలిచింది అక్కడ ఎడమ నుంచి కొలిచినదవుతుంది. తెర కుడి అంచు నుంచి ఉన్న దూరం అక్కడ పై నుంచి దూరమవుతుంది. మన గడి కుడి అంచు 1900 దగ్గర ఉంది, 3000 లోంచి తీసేస్తే 1100. కాబట్టి ఫైల్‌లో ఆ ముఖం ఉన్న చోటు ఎడమ నుంచి 600, పై నుంచి 1100. దాని వెడల్పు 1200, ఎత్తు 900.

యాప్ ఇక్కడ రెండు రకాలుగా తప్పు చేయగలదు, రెండింటి ఫలితాలూ వేరు. ఈ లెక్క సరిగ్గా వేసి, కత్తిరించిన ముక్కను ట్యాగ్ లేకుండా సేవ్ చేస్తే ముఖం పూర్తిగా వస్తుంది, కాకపోతే పడుకుని వస్తుంది. అసలు లెక్కే వేయకుండా తెర మీది 1000, 600 అంకెలను నేరుగా ఫైల్ మీద పెడితే వచ్చేది వేరే చోటు. మన కంటికి అది ఎడమ నుంచి 1200–2400, పై నుంచి 1000–1900 మధ్య ఉన్న భాగం. సగం ముఖం, భుజం, వెనకాల గోడ, అవి కూడా అడ్డంగా. అందుకే పక్కకు తిరిగిన ఫొటో చూడగానే ముందు అడగాల్సింది, కోరిన భాగమే వచ్చిందా అని. కోరిన భాగమే వస్తే లోపం సేవ్ చేసే చోట ఉంది. వేరే భాగం వస్తే తెరిచే చోటే ఉంది.

కటౌట్‌కు వస్తే వ్యవహారం ఇంకాస్త ముదురుతుంది. కటౌట్ అంటే మన దగ్గర థియేటర్ ముందు నిలబెట్టే హీరో బొమ్మ గుర్తొస్తుంది గానీ, ఇక్కడ మాట్లాడేది ఫ్లెక్సీల కోసమో స్టిక్కర్ల కోసమో మనిషిని బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీసిన బొమ్మ గురించి. చుట్టూ పారదర్శకంగా ఉండాలి కాబట్టి జేపెగ్ పనికిరాదు, పీఎన్‌జీ కావాలి. మామూలు క్రాప్ బాగానే వచ్చి కటౌట్ మాత్రం తిరగబడడానికి చాలాసార్లు కారణం ఇదే. ఐఫోన్ ప్రోగ్రామింగ్‌లో ఫొటోను పట్టుకునే `UIImage` తనతో పాటు `imageOrientation` ను గుర్తుంచుకుంటుంది. `jpegData` తో సేవ్ చేస్తే ఆ విలువ ఎగ్జిఫ్‌లోకి వెళుతుంది, బొమ్మ నిటారుగా కనిపిస్తుంది. `pngData()` తో సేవ్ చేస్తే ఆ విలువ పోతుంది, పిక్సెళ్లు పడుకున్నవి పడుకున్నట్టే రాసేస్తుంది. పీఎన్‌జీలో ఎగ్జిఫ్ పెట్టుకునే చోటు అధికారికంగా వచ్చిందే 2017లో. ఉన్నా దాన్ని చదవని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి.

ఆండ్రాయిడ్‌లో ట్యాగ్ ఇంకా ముందే పోతుంది. `BitmapFactory.decodeFile` పిక్సెళ్లను మాత్రమే ఇస్తుంది, ట్యాగ్ ఊసెత్తదు. తర్వాత `Bitmap.compress` రాసే కొత్త ఫైల్‌లో ఎగ్జిఫ్ ఉండదు. సర్వర్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీసే చోట ఓపెన్‌సీవీ అనే కోడ్ లైబ్రరీ వాడితే ఇంకో గొయ్యి ఉంది. దాని `imread` మామూలుగా ట్యాగ్ చదివి తిప్పే ఇస్తుంది. పారదర్శకత కోసం `IMREAD_UNCHANGED` పెట్టారో, ఆ తిప్పడం మానేస్తుంది. కటౌట్ పని చేసేవారికే ఆ ఆప్షన్ అవసరం, వాళ్లకే దెబ్బ.

ఏ పిక్సెళ్లు మనిషివో చెప్పే మాస్క్‌ను ఒక చోట, అసలు ఫొటోను మరో చోట తెరిచే యాప్‌లలో మూడో రకం ఫలితం వస్తుంది. మాస్క్ నిటారు ఫొటో నుంచి తయారై 3000×4000 ఉంటుంది, ఫొటో 4000×3000 ఉంటుంది. కొలతలు కలవడం లేదని ప్రోగ్రాం మాస్క్‌ను సాగదీసి అతికిస్తుంది. అప్పుడు పడుకున్న ఫొటోలోంచి, నిలబడిన పొట్టి లావు మనిషి ఆకారంలో ముక్క తెగుతుంది. అలాంటిది కనిపిస్తే మనిషిని గుర్తించే ప్రోగ్రాంను తిట్టుకోనక్కర్లేదు, ముందు ట్యాగ్ చూడండి.

చూడడం తేలికే. కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ ఉంటే:

```
exiftool -n -Orientation photo.jpg
```

6 అనో 8 అనో వస్తే అది తిప్పని ఫొటో. ఏ పరికరమూ లేకుండా కూడా పట్టుకోవచ్చు. ఒకే వస్తువును ఫోన్ నిలువుగా, తలకిందులుగా, ఎడమకు వాల్చి, కుడికి వాల్చి నాలుగు ఫొటోలు తీయండి. నాలుగింటినీ అదే యాప్‌లో కత్తిరించండి. అడ్డంగా తీసినవాటిలో ఒకటి నిటారుగా, రెండోది తలకిందులుగా, నిలువువి రెండూ పక్కలకు తిరిగి వస్తే యాప్ ట్యాగ్‌ను పారేస్తోందన్నట్టే. గ్యాలరీలోనే ఫొటో పక్కకు ఉంటే మాత్రం అది వేరే సంగతి. బల్ల మీది కాగితాన్ని పై నుంచి తీసినప్పుడు ఫోన్ నేలకు సమాంతరంగా ఉంటుంది, ఏది పైన ఏది కింద అన్నది యాక్సిలరోమీటర్‌కు తేలదు. అక్కడ ట్యాగే తప్పుగా పడొచ్చు.

పరిష్కారం గురించి నా అభిప్రాయం ఒక్కటే. ఫొటో తెరిచిన మరుక్షణం పిక్సెళ్లను నిజంగా తిప్పేసి, ట్యాగ్‌ను తీసేయాలి, లేదా 1 చేయాలి. ఆ తర్వాతే గడి గీయడం, మాస్క్ తయారీ, ఇంకేదైనా. పై లెక్క అప్పుడు ఎవరూ వేయనక్కర్లేదు. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో అయితే మూడు వరసలు:

```
from PIL import Image, ImageOps
im = ImageOps.exif_transpose(Image.open("photo.jpg"))
im.crop((1000, 600, 1900, 1800)).save("face.png")
```

ఇక్కడ `crop` లో ఉన్నవి తెర మీద కనిపించిన అంకెలే. ఐఫోన్‌లో `UIImage` ను కొత్త కాన్వాస్ మీద ఒకసారి గీయించి ఆ ఫలితాన్ని కత్తిరిస్తే సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో `ExifInterface` తో విలువ చదివి `Matrix` తో తిప్పాలి. 12 మెగాపిక్సెళ్ల ఫొటో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున మెమరీలో 48 మెగాబైట్లు తీసుకుంటుంది. తిప్పే క్షణంలో పాతదీ కొత్తదీ కలిసి 96. చవక ఫోన్లలో యాప్ మూతపడే ప్రమాదం ఉంది కాబట్టి, స్టిక్కర్ లాంటి చిన్న బొమ్మకైతే ముందు సైజు తగ్గించి తర్వాత తిప్పడం మేలు.

తిప్పాక పాత ట్యాగ్‌ను అలాగే వదిలేస్తే తంటా తిరిగొస్తుంది. నిటారైన బొమ్మ మీద ఇంకా 6 ఉంటే చూపించే ప్రోగ్రాం మరో 90 డిగ్రీలు తిప్పుతుంది, ఈసారి తల కుడివైపుకు వాలుతుంది. వెబ్‌సైట్లలో 2020లో సరిగ్గా ఇదే జరిగింది. క్రోమ్ 81వ వెర్షన్ నుంచి బ్రౌజరే ట్యాగ్ చదివి ఫొటోను తిప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు సొంతంగా తిప్పుకునే కోడ్ రాసుకున్న సైట్లలో ఫొటోలు రెండుసార్లు తిరిగాయి. పాత కోడ్ ఇప్పటికీ ఉన్న అప్‌లోడ్ పేజీలలో ఇది కనిపిస్తూనే ఉంటుంది.

కోడ్ రాయని వారికి ఉన్నంతలో మంచి ఉపాయం, ఫోన్ సొంత గ్యాలరీలో ఫొటో అంచును కాస్త కత్తిరించి కాపీగా సేవ్ చేసి, ఆ కాపీని కటౌట్ యాప్‌కు ఇవ్వడం. సాధారణంగా అలా చేస్తే గ్యాలరీ పిక్సెళ్లను నిటారుగా రాసిపెడుతుంది. గ్యాలరీలో రొటేట్ బటన్ ఒక్కటే నొక్కితే చాలదు, కొన్ని గ్యాలరీలు అప్పుడు ట్యాగ్‌లో అంకె మార్చి ఊరుకుంటాయి. స్క్రీన్‌షాట్ తీసినా నిటారుగానే వస్తుంది, కానీ 3000 పిక్సెళ్ల వెడల్పు తెర వెడల్పుకు, చాలా ఫోన్లలో 1080కి, పడిపోతుంది. స్టిక్కర్‌కు అది చాలు, ఫ్లెక్సీకి చాలదు.

ఇప్పటికే పడుకున్న కటౌట్‌లు సేవ్ అయి ఉంటే వాటిలో ట్యాగ్ మిగలదు, ఎటు తిప్పాలో ఫైల్‌ను అడిగి లాభం లేదు. వెడల్పు ఎక్కువున్న ప్రతి బొమ్మనూ 90 డిగ్రీలు తిప్పేసే స్క్రిప్టులు కొందరు రాస్తారు. నిజంగానే అడ్డంగా తీసిన గ్రూప్ ఫొటోలు దానికి బలైపోతాయి. అసలు ఫొటో ఉంటే దాని ట్యాగ్ చూసి తిప్పండి, లేకపోతే కంటితో చూసి ఒక్కోటీ తిప్పుకోవాల్సిందే. పీఎన్‌జీని ఎన్నిసార్లు తిప్పి సేవ్ చేసినా నాణ్యత తగ్గదు.