తొలి పాస్‌పోర్టు: ఆలస్యానికి బీజం దరఖాస్తులోనే

పాస్‌పోర్టు ఆలస్యమైతే చాలామంది పోలీసులను తప్పుపడతారు. నిజానికి ఆ ఆలస్యానికి కారణం తరచుగా మనం ఫారం నింపిన రోజే పడి ఉంటుంది. అందులోనూ తెలుగువాళ్ల విషయంలో ఇబ్బందంతా రెండే గడుల్లో: పేరు, ప్రస్తుత చిరునామా.

passportindia.gov.in లో పేరును Given Name, Surname అని విడదీసి అడుగుతారు. అక్కడ పొడి అక్షరాలు పనికిరావు. టెన్త్ సర్టిఫికెట్‌లో 'బొడ్డు లక్ష్మి', ఆధార్‌లో 'బి. లక్ష్మి' అని ఉంటే మనకు ఇద్దరూ ఒకరే, పరిశీలించే అధికారికి మాత్రం అది తేడా. ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలితే ఆ తలనొప్పి తర్వాత వీసా దగ్గర మొదలవుతుంది. అందుకే ముందు ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ టెన్త్ సర్టిఫికెట్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిసేలా సరిచేయించుకుని, ఆ తర్వాతే ఫారం తెరవడం మేలు.

పత్రాలు నిజానికి కొన్నే. పుట్టినతేదీకి, చిరునామాకు ఆధారాలు కావాలి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం తప్పనిసరి. టెన్త్ పాసైనవాళ్లు ఆ సర్టిఫికెట్ కూడా చూపితే, కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని చెప్పే ఈసీఆర్ ముద్ర పడదు. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు. అది కట్టి స్లాట్ తీసుకున్నాక, ఒరిజినళ్లతో పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాలి. ఎ కౌంటర్‌లో స్కానింగ్, ఫొటో, వేలిముద్రలు. బి లో పత్రాల పరిశీలన. సి లో మంజూరు నిర్ణయం. ఏదైనా కాగితం తక్కువైతే ఫైలు హోల్డ్‌లో పడుతుంది, దానికోసం మళ్లీ రావాలి.

ఇక చిరునామా. శ్రీకాకుళం నుంచి వచ్చి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసే అమ్మాయినే తీసుకుందాం. ఆధార్‌లో ఊరి అడ్రస్సే ఉందని ప్రస్తుత చిరునామాగా అదే రాసింది. కానిస్టేబుల్ ఆ ఇంటికి వెళ్తే 'అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుందండీ' అని తల్లే నిజాయితీగా చెబుతుంది. ఆ ఒక్క మాటతో, దరఖాస్తుదారు అక్కడ ఉండడం లేదని నివేదిక వెళ్తుంది. దాంతో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం వివరణ అడుగుతుంది, ఫైలు అక్కడే నిలుస్తుంది. పాస్‌పోర్టుకు చూసేది మన సొంతూరు ఏదని కాదు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నామని. ఆమె మొదటే హైదరాబాద్ చిరునామాకు ఆధారం సంపాదించి, ప్రస్తుత చిరునామాగా దాన్ని, శాశ్వత చిరునామాగా ఊరిని రాసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

తత్కాల్‌కు మరో 2,000 కడితే ఇవన్నీ తప్పుతాయనుకోవడం భ్రమ. పేరులో తేడా ఉంటే తత్కాల్ ఫైలు కూడా బి కౌంటర్ దగ్గరే ఆగుతుంది.

పెండింగ్ క్రిమినల్ కేసు సంగతి వేరు. దాన్ని దాస్తే పోలీసు రికార్డుల్లో బయటపడుతుంది, పైగా సమాచారం దాచడం 1967 పాస్‌పోర్టు చట్టం కింద నేరం. కేసు ఉంటే ఫారంలో ఉన్నదున్నట్టు రాసి, విదేశానికి వెళ్లేందుకు కోర్టు అనుమతి ఉత్తర్వు తెచ్చుకుని జతచేయాలి.