ఎండ్ లైన్ దగ్గర నిలబెట్టని మేడం మీద ఫిర్యాదు

అనంతపురం దగ్గర ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో సాయంత్రం పూట జరుగుతున్న ఘోరం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే రాయాల్సి వస్తోంది. అక్కడి పీఈటీ మేడం ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలకు వాలీబాల్ అండర్‌ఆర్మ్ సర్వీస్ నేర్పుతున్నారు. నేర్పడం నేరం కాదు. కానీ ఒక్క పిల్లను కూడా మొదట్లో ఎండ్ లైన్ దగ్గర నిలబెట్టలేదట!

మన సీమలో సర్వీస్ నేర్పడానికి తరతరాలుగా ఒక సిలబస్ ఉంది. బంతి చేతికిచ్చి, నెట్‌కు 9 మీటర్ల దూరంలో ఉండే ఎండ్ లైన్ దగ్గర నిలబెట్టి, "కొట్టు" అంటాం. పోకపోతే "గట్టిగా కొట్టు" అంటాం. అప్పటికీ పోకపోతే "సంగటి తిన్లేదా?" అని అడుగుతాం. మూడే పాఠాలు. వీటిని దాటుకొని బతికి బట్టకట్టినవాడు ప్లేయర్, మిగిలినవాళ్లు స్కోరు రాయడానికో బంతులు ఏరడానికో పనికొస్తారు. ఇంత చవకైన సెలెక్షన్ పద్ధతి ఇంకెక్కడ దొరుకుతుంది?

మేడం ఏం చేస్తున్నారో చూద్దామని గట్టు మీద కూర్చునే పెద్దమనుషులతో కలిసి నేనూ వెళ్లాను. మొదట నెట్టే లేదు. పిల్లలు ఎదురెదురుగా నిలబడి బంతిని నేల మీద దొర్లించుకుంటున్నారు, కుడిచేయి వెనక్కి తీసుకెళ్లి, మోచేయి వంచకుండా ముందుకు ఊపి, ఎడమకాలు ఒక అడుగు ముందుకు వేసి. "ఇది వాలీబాలా, గోలీలాటా?" అని మా పెద్దాయన ఒకరు గట్టిగానే అన్నారు. మేడం వినిపించుకోలేదు. చేయి ఊపు, కాలి అడుగు ఒకేసారి కుదిరాక, స్కూలు గోడ మీద నెట్ ఎత్తులో సుద్దగీత గీసి, నాలుగడుగుల దూరం నుంచి దాని పైకి కొట్టించారు. బంతి ఎడమ అరచేతిలో, నడుము ఎత్తులో, కుడి తుంటికి ఎదురుగా ఉండాలి. తగలాల్సింది మణికట్టుకు ఆనుకొని ఉన్న అరచేతి గట్టి భాగం. బంతికి తగలాల్సిన చోటు అడుగు కాదు, వెనక వైపు కొంచెం కింద. ఈ చిన్న తేడా కోసం ఒక సాయంత్రమంతా పోయింది. సరిగ్గా అడుగున కొడితే బంతి నిటారుగా ఆకాశంలోకి పోతుంది, మరీ వెనక కొడితే నెట్‌లోకి పోతుంది. కాబట్టి బంతి ఎటు పోయిందో చూస్తే చేయి ఎక్కడ తగిలిందో తెలిసిపోతుందని ఆమె వాదన. మేమైతే బంతి ఎటు పోయినా ఒకటే మందు ఇస్తాం, "గట్టిగా."

ఆ తర్వాత నెట్ కట్టారు. కట్టి, పిల్లల్ని ఎక్కడ నిలబెట్టారో తెలుసా? అటాక్ లైన్ మీద! నెట్‌కు 3 మీటర్లే. అక్కడి నుంచి పదిసార్లు కొట్టి, ఎనిమిది అవతలి కోర్టులో పడితే రెండడుగులు వెనక్కి జరగాలి. ఐదు కూడా పడకపోతే మళ్లీ ముందుకు రావాలి. మధ్యలో ఉంటే అక్కడే ఉండాలి. పిల్లలందరూ తలా ఒక చోట నిలబడి ఉంటే ఆ కోర్టుకు ఒక పద్ధతీ పాడూ కనిపించలేదు. ఒకతె 4 మీటర్ల దగ్గర, ఇంకొకతె 7 దగ్గర, ఎవరూ ఎవర్నీ చూసి నవ్వడం లేదు. నవ్వకపోతే పౌరుషం ఎలా వస్తుందప్పా?

ఏడో తరగతి పాప ఒకతి 3 మీటర్ల నుంచి పదికి తొమ్మిది వేసింది. 6 మీటర్లకు వచ్చేసరికి బంతులన్నీ ఎడమవైపు సైడ్ లైన్ బయట పడటం మొదలైంది. మాకు కారణం వెంటనే తెలిసింది, బలం లేదు. గట్టు మీద నుంచి ఆ మాటే అరిచాం. మేడం దగ్గరికెళ్లి చూస్తే, దూరం పెరిగిందన్న భయంతో బంతిని పొట్టకు అడ్డంగా ఎడమవైపు పట్టుకుంటోందట. అందుకని చేయి నేరుగా కాకుండా అడ్డంగా ఊగుతోంది. బంతిని మళ్లీ కుడి తుంటి ముందుకు జరిపించారు. దారి సరైంది, కానీ ఇప్పుడు నెట్‌కు తగిలి ఇవతలే పడుతోంది. మళ్లీ మేం "సంగటి" అన్నాం. మేడం ఆ పాప ఎడమకాలి ముందు ఒక చెప్పు పెట్టి, "చెప్పు దాటి అడుగు వెయ్యి, కాలు నేలకు తగిలేటప్పుడే కొట్టు" అన్నారు. ఆ పిల్ల ముందు అడుగు వేసి, ఆగి, తర్వాత కొడుతోందట. అందుకే ఒంటి బరువంతా వెనక కాలి మీదే ఉండిపోతోంది. రెండు మూడు సార్లు తడబడి, తర్వాత వేసిన బంతి నెట్ దాటి అవతలి కోర్టు మధ్యలో పడింది. బలం అంతే ఉంది, పెరగలేదు. ఇలాంటివి చూశాక గట్టు మీద కూర్చునేవాళ్ల మాటకు విలువేముంటుంది చెప్పండి?

ఎండ్ లైన్‌కు చేరాక ఇంకో చాదస్తం. అప్పటిదాకా చేతిలో పెట్టుకొని కొట్టిన బంతిని ఇప్పుడు వదిలి కొట్టాలట. ఎందుకంటే రూలు ప్రకారం బంతి చేతి నుంచి విడిపోయాకే కొట్టాలి, చేతిలో ఉండగా కొడితే ఫౌల్. సరే, వదలమన్నారు కదా అని పిల్లలు తలపైకి ఎగరేశారు. దాంతో నేర్చుకున్నదంతా పోయింది. మేడం "జానెడు మించొద్దు, ఎగరెయ్యొద్దు, కింది చేయి తీసెయ్" అన్నారు. విజిల్ వేసి 8 సెకన్ల లెక్క కూడా అప్పుడే మొదలుపెట్టారు. కొట్టేటప్పుడు లైన్ తొక్కినవాళ్లను మళ్లీ కొట్టమన్నారు. మన టోర్నమెంట్లలో లైన్ సున్నం మొదటి సెట్టుకే చెరిగిపోతుంది, దాని కోసం ఇంత పట్టింపా!

ఆషాఢం గాలి సంగతి వేరే చెప్పాలి. ఈ జిల్లాలో ఆ గాలికి మరలే తిరుగుతాయి, బంతి ఆగుతుందా? అండర్‌ఆర్మ్ బంతి ఎత్తుగా, నింపాదిగా పోతుంది కాబట్టి గాలి దాన్ని ఎటైనా తీసుకుపోతుంది. గాలి ఎదురైతే బంతిని కొంచెం ఎక్కువ వెనక కొట్టి తక్కువ ఎత్తులో పంపాలి, వెనక నుంచి వస్తే ఊపు తగ్గించాలి అని రెండు వైపుల నుంచీ కొట్టించారు. ఇంత చేసినా ఈ సర్వీస్‌తో పెద్ద టీముల మీద పాయింట్లు రావని ఆమే ఒప్పుకున్నారు. రిసీవ్ బాగా చేసేవాళ్లు దీన్ని హాయిగా సెట్టర్‌కు అందిస్తారు. మరెందుకమ్మా అంటే, లెక్క చెప్పారు. ర్యాలీ పాయింట్ పద్ధతికి మారాలని 1998లో అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించాక, సర్వీస్ పోతే సర్వీస్ మాత్రమే కాదు, పాయింట్ కూడా పోతుంది. సెట్టులో ఇరవై సర్వీస్‌లు వచ్చి సగం నెట్‌లో పడితే, అవతలి టీముకు 25లో పది పాయింట్లు మనమే ఇచ్చినట్టు. మా పెద్దాయన అది విని, తన కాలంలో సర్వీస్ పోతే ఏమీ పోయేది కాదని, ఆ కాలమే బాగుండేదని అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది.

ఇప్పుడు ముగ్గురు ముగ్గురు చొప్పున చిన్న ఆటలు ఆడిస్తున్నారు. సర్వీస్ పోతే పాయింట్ పోతుంది. సర్వీస్ వేసిన పిల్ల బంతిని చూస్తూ నిలబడితే, సరిగ్గా పడినా ఆ సర్వీస్ లెక్కలోకి రాదు, వెంటనే కోర్టులోకి పరుగెత్తి తన చోటు పట్టుకోవాలి. కొంచెం కుదిరాక అవతలి కోర్టు వెనక మూలల్లో రెండు పాత సైకిల్ టైర్లు వేసి, ఏ మూలకు వెయ్యాలో విజిల్‌కు ముందు చెబుతున్నారు.

నా ఫిర్యాదులో అసలు విషయం ఇదే. పాత పద్ధతిలో గ్రౌండ్ పక్కన కంపచెట్లలోకి పోయిన బంతులు తేవడానికి ఇద్దరు ముగ్గురు పిల్లకాయలకు సాయంత్రమంతా పని ఉండేది. ఇప్పుడు బంతులు కోర్టులోనే పడుతున్నాయి. ఆ పిల్లకాయలు కూడా లైన్లో నిలబడి తమకెప్పుడు నేర్పుతారని మేడంను అడుగుతున్నారు.