ఫొటో ఎవరిది, అనుమతి ఎవరిది?

2010 జనవరి 12న హైతీని భూకంపం కుదిపేసింది. ఆ సాయంత్రమే ఫొటోగ్రాఫర్ డేనియల్ మొరెల్ రాజధాని వీధుల్లో తాను తీసిన దృశ్యాలను ట్విటర్‌కు ఫొటోలు జోడించే ట్విట్‌పిక్ అనే సైటులో పెట్టి, ట్విటర్‌లో ఆ సంగతి చెప్పారు. కాసేపటికే పొరుగున ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక వ్యక్తి వాటిని తన ఖాతాలోకి ఎత్తుకుని తనవేనని చెప్పుకున్నాడు. ఫ్రెంచి వార్తాసంస్థ ఏఎఫ్‌పీ ఫొటోలను ఈ రెండో ఖాతా నుంచే తీసుకుంది. అతని పేరుతోనే విడుదల చేసింది. ఫొటోలు సరఫరా చేసే గెట్టీ ఇమేజెస్ సంస్థ ద్వారా అవి మరెన్నో సంస్థలకు చేరాయి.

పొరపాటు తెలిశాక ఏఎఫ్‌పీ ఫొటోలపై పేరును మొరెల్‌దిగా మార్చింది, ఆ తర్వాత ఫొటోలు వాడవద్దని చందాదారులకు సూచన పంపింది. అప్పటికే ఆలస్యమైంది. మొరెల్ పేరుతో ఉన్న ఫొటోలు గెట్టీ నుంచి తొలగినా, తప్పుడు పేరుతో ఉన్నవి అక్కడే ఉండిపోయాయి. చివరికి వ్యవహారం న్యూయార్క్ కోర్టుకెక్కింది. ట్విటర్ నిబంధనలే పునర్వినియోగానికి వీలు కల్పిస్తున్నాయన్న ఏఎఫ్‌పీ వాదనను 2013 జనవరిలో న్యాయమూర్తి తోసిపుచ్చారు. ఖాతాదారు వేదికకు ఇచ్చే అనుమతి వేదికకే పరిమితం. దారిన పోయే వార్తాసంస్థకు అది వర్తించదు. ఏఎఫ్‌పీ, గెట్టీ కలిసి మొరెల్‌కు 12 లక్షల డాలర్లు చెల్లించాలని అదే ఏడాది నవంబరులో జ్యూరీ తేల్చింది.

ఈ కేసును కాపీరైట్ పాఠంగా చెప్పుకోవడం మామూలే. నాకు మాత్రం ఇందులో అంతకంటే పెద్ద విషయం కనిపిస్తుంది. ఆ రాత్రి డెస్కులో ఎవరైనా పద్ధతిగా అనుమతి అడిగి ఉన్నా, అడిగింది ఆ రెండో ఖాతాదారునైతే ఏం లాభం? అతను సంతోషంగా 'సరే' అనేవాడు. ఆ 'సరే'కు విలువ సున్నా. న్యూస్‌రూముల్లో గుర్తింపు పరిశీలన ఒకరి పని, అనుమతి మరొకరి పని అన్నట్టు విడదీస్తారు. నిజానికి రెండూ ఒకే సంభాషణలో తేలాలి, ఆ సంభాషణ కెమెరా పట్టుకున్న మనిషితో జరగాలి.

ఆ మనిషిని ఎలా పట్టుకోవాలి? రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో అదే ఫొటో ఇంకెక్కడ ఉందో, ఎవరు ముందు పెట్టారో చూడటం మొదటి మెట్టు. అయితే అప్పుడే పెట్టిన ఫొటో ఆ సెర్చ్‌కు అందకపోవచ్చు. ఫలితం ఏమీ రాలేదంటే అసలైనదని అర్థం కాదు. అసలు పరీక్ష నేరుగా అడగడంలో ఉంది. "ఎక్కడ నిలబడి తీశారు? దీనికి ముందూ వెనకా తీసినవి పంపగలరా? ఫోనులో ఉన్న అసలు ఫైలు ఇవ్వగలరా?" తీసినవారి దగ్గర కాస్త పక్కకు జరిగి తీసినవి, చేయి వణికి మసకబారినవి ఉంటాయి. ఎత్తుకున్నవాడి దగ్గర సోషల్ మీడియా కుదించేసిన ఆ ఒక్క కాపీయే ఉంటుంది. చాలా వేదికలు అప్‌లోడ్ సమయంలో తేదీ, స్థలం వంటి వివరాలను ఫైలు నుంచి చెరిపేస్తాయి కాబట్టి అసలు ఫైలే కావాలి. ఆ వివరాలనూ మార్చవచ్చు గనుక వాటినే నమ్ముకుని కూర్చోకూడదు. ఫోనులో మాట్లాడితే ఇంకా మేలు: వీధి, ఎదురుగా ఉన్న భవనం, అప్పటి వెలుతురు గురించి చెప్పే మాటలను ఫొటోతో పోల్చి చూసుకోవచ్చు.

అనుమతి కోరే సందేశంలో మన పేరు, సంస్థ, ఏ కథనంలో, ఎక్కడెక్కడ వాడతామో, ఇతర సంస్థలకూ పంపుతామా అన్నది ఉండాలి. చివరిదాన్ని చాలామంది మింగేస్తారు. వెబ్‌సైటుకు ఇచ్చిన 'సరే' చందాదారులందరికీ వర్తించదు. పేరు వేయమంటారా, వద్దా అనీ అడగాలి. కల్లోలం మధ్య ఉన్న మనిషికి ఆ పేరే ప్రమాదం కావచ్చు. ఆ ప్రశ్నను అందరికీ కనిపించే వ్యాఖ్యల్లో కాకుండా వ్యక్తిగత సందేశంలో పంపడం ఉత్తమం. ఇంకా ప్రమాదంలోనే ఉంటే ముందు క్షేమం అడగాలి. మరిన్ని ఫొటోలు తీయమని ఉసిగొల్పడం దుర్మార్గం.

'ఫొటో: సోషల్ మీడియా' అని కింద వేసి చేతులు దులుపుకోవడం మరో జాడ్యం. అది మూలాన్నీ చెప్పదు, అనుమతినీ చూపదు.

రాతపూర్వక పోస్టుల సంగతి కొంత వేరు. బాధ్యత గల పదవిలో ఉన్నవారి ప్రకటనను ఉటంకించడానికి అనుమతి అక్కర్లేదు, ఖాతా వారిదేనని తేలితే చాలు. పదిమంది మిత్రుల కోసం తన దుఃఖం రాసుకున్న సామాన్యుడి విషయంలో, చట్టం అడ్డు చెప్పకపోయినా నేను అడగాలనే అంటాను. ఊహించని లక్షలాది మంది ముందు ఆయన్ని నిలబెట్టబోతున్నది మనమే.

జవాబు రాకపోతే? మౌనం అంగీకారం కాదు. ఫొటో వదిలేసి, ఆ ఘటనను మరో ప్రత్యక్ష సాక్షి ద్వారా రాబట్టాలి. 'ధ్రువీకరించలేదు' అని ఒక ముక్క తగిలించి అదే ఫొటోను ప్రచురించే వెసులుబాటును నేనైతే డెస్కుకు ఇవ్వను. పాఠకుడికి ఫొటో గుర్తుంటుంది, ఆ ముక్క గుర్తుండదు.